కౌన్సెలర్లు కాదు, కలిపేవాళ్లు కావాలి

వరద నీరు తీసిన వీధుల్లోకి మొదట అన్నం ప్యాకెట్లు, మంచినీళ్లు, దుప్పట్లు వస్తాయి. నాలుగైదు రోజులు గడిచాక మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు, రిటైరైన ఉద్యోగులు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల గృహిణులు వస్తారు. ‘మీతో మాట్లాడటానికి వచ్చాం’ అంటారు. వీళ్లలో చాలామందికి అంతకుముందు ఒక పూట శిక్షణ ఇచ్చి ఉంటారు. ఆ పూటలో ఏం నేర్పారన్న దాన్ని బట్టే వీళ్ల రాక ఆ ఇంటికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది తేలుతుంది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు బుడమేరు కట్ట తెగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు మునిగిన సంగతి అందరికీ గుర్తే. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగింది. విజయవాడలో కొన్ని కాలనీల్లో నీళ్లు వారానికి పైగా నిలిచాయి. మేడల మీద ఉన్నవాళ్లకు డ్రోన్లతో తిండి అందించారు. ఇలాంటి వరద మనసును రెండుసార్లు దెబ్బ తీస్తుంది. నీళ్లు పెరుగుతున్నప్పుడు భయం. నీళ్లు పోయాక, తలుపు తీసి లోపలికి అడుగు పెట్టినప్పుడు దుఃఖం. మొదటి దానికి పడవ కావాలి. రెండోదానికి మనిషి కావాలి. మానసిక ప్రథమ చికిత్స అంటున్నది ఈ రెండోదాని గురించి.

పేరులో చికిత్స అని ఉన్నా ఇందులో చికిత్స లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి 2011లో క్షేత్ర కార్యకర్తల కోసం ఒక మార్గదర్శిని విడుదల చేసింది. దాని సారమంతా మూడు మాటల్లో ఉంది: చూడు, విను, కలుపు. మన దగ్గర నడిచే శిక్షణల్లో నాకు కనిపించే లోపం ఏమిటంటే, రోజులో ముప్పాతిక భాగం ‘విను’ దగ్గరే ఖర్చయిపోతుంది. ‘కలుపు’ దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం నాలుగవుతుంది, టీ తాగి సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోతారు. నా అభిప్రాయంలో లెక్క తిరగబడాలి. వలంటీర్ చేతిలో ఉన్న అసలు శక్తి వినడం ఒక్కటే కాదు, సరైన చోటికి చేర్చడం. ఎక్కడ ఆగాలో తెలియని మనిషి ఎంత మంచి మనసుతో విన్నా, ఆ ఇంటికి బరువే.

ఉదయం: ఏం చేయకూడదో ముందు

శిక్షణకు ఒక విడతలో పాతిక మందికి మించి పెట్టుకోకూడదు. అంతకు మించితే అది సభ అవుతుంది, సాధన జరగదు. మొదటి గంట చేయకూడని పనుల మీద నడవాలి. వాటిలో మొదటిది, ‘ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పండి’ అని అడగటం. మనసులోది బయటికి కక్కేస్తే తేలికవుతుందని మనందరికీ ఒక నమ్మకం ఉంది. ఒకప్పుడు విపత్తుల తర్వాత బాధితులను గుంపుగా కూర్చోబెట్టి, జరిగిందంతా ఒక్క సిటింగ్‌లో చెప్పించే పద్ధతి చాలా దేశాల్లో నడిచింది. పరిశోధనలన్నీ కలిపి చూస్తే దానివల్ల తర్వాతి మానసిక సమస్యలు తగ్గలేదని, కొందరికి బాధ ఇంకా పెరిగిందని తేలింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు, వినాలి. చెప్పనివాళ్లను తవ్వకూడదు. పక్కన కూర్చుని చీపురు పట్టుకుని బురద తోడినా అది ప్రథమ చికిత్సే.

రెండోది మాట సాయం పేరుతో మనం అలవాటుగా అనే మాటలు. ‘ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు.’ ‘వస్తువులు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.’ ‘మీకు నయం, పక్క వీధిలో మనిషే పోయాడు.’ ఇవన్నీ ప్రేమతోనే వస్తాయి. అయితే వినేవాళ్లకు అవి ‘ఇక ఏడవకు’ అన్నట్టే వినిపిస్తాయి. కూతురి పదో తరగతి మార్కుల జాబితా ముద్దయిపోయిన తల్లికి పోయింది కాగితం కాదు. వీటి బదులు ఏమనాలో తెలియకపోతే ఏమీ అనకపోవడమే మంచిది. శిక్షణలో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు మూడు నిమిషాలు సలహా ఇవ్వకుండా వినమనాలి. చేసి చూడండి. రెండో నిమిషానికే నోరు దురద పెడుతుంది. ముఖ్యంగా మనలాంటి పెద్దవయసు వాళ్లకు.

మూడోది ఫొటో. బాధితుల ఇంట్లో సెల్ఫోన్ బయటికి తీయకూడదు, ఒక్క ఫోన్ చేయడానికి తప్ప. దీనికి వివరణ అక్కర్లేదు.

‘చూడు’ అన్నది ఇంట్లోకి అడుగు పెట్టకముందే మొదలవుతుంది. కరెంటు తీగ తెగి ఉందా, గోడ నాని ఒరిగిందా, నీళ్లలో పాములు తిరుగుతున్నాయా అని ముందు చూసుకోవాలి. తర్వాత మనుషుల్ని. ఎవరు ఏడుస్తున్నారన్నది తేలిగ్గానే కనిపిస్తుంది. ఎవరు ఏమీ మాట్లాడకుండా గోడకు ఆనుకుని ఉన్నారో, ఎవరు మూడు రోజులుగా నిద్రపోలేదో, ఏ ముసలాయన తన మందుల డబ్బా కోసం వెతుకుతున్నాడో చూడటమే అసలు పని. నీళ్లలో కొట్టుకుపోయిన మందుల గురించి తప్పకుండా అడగాలి. బీపీ, షుగర్ మాత్రల గురించి అందరూ అడుగుతారు. మూర్ఛకు, మానసిక వ్యాధికి వాడే మందుల గురించి ఎవరూ అడగరు, ఇంటివాళ్లూ పదిమందిలో చెప్పరు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆగిపోతే వెంటనే ఫిట్స్ తిరగబెట్టవచ్చు. ‘ఇంట్లో ఎవరికైనా రోజూ వేసుకునే మందులు ఆగిపోయాయా? ఏ మందయినా సరే’ అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

మధ్యాహ్నం: నీ పని ఇక్కడితో సరి

బాధ వేరు, జబ్బు వేరు. వానచుక్క పడగానే ఉలిక్కిపడటం, రాత్రుళ్లు లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి నీళ్లు వచ్చాయేమో చూసుకోవడం, ఆకలి లేకపోవడం, చిన్న మాటకే కోపం, పెద్దయిన పిల్లాడు మళ్లీ పక్క తడపడం, తల్లి కొంగు వదలకపోవడం... మొదటి వారాల్లో ఇవి చాలా ఇళ్లలో ఉంటాయి. ఎక్కువమందికి ఇల్లు కుదుటపడి, బడి తెరిచి, పనిలోకి వెళ్లడం మొదలయ్యాక వాటంతట అవే తగ్గుతాయి. వీటికి పేరు పెట్టకూడదు. ‘మీకు డిప్రెషన్ వచ్చింది’, ‘ఇది ట్రామా’ అని ఒక రోజు శిక్షణ పొందిన వలంటీర్ అంటే, ఆ మాట ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నెల దాటినా తగ్గకుండా, పనిని, పిల్లల్ని చూసుకోలేని స్థితి ఉంటే అప్పుడు డాక్టరుకు చూపించాలి.

నెల ఆగకూడనివి, గంట కూడా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. చనిపోవాలన్న మాట, తనను తాను గాయపరచుకోవడం, పసిపిల్లలకు తిండి పెట్టలేనంతగా తల్లి మొద్దుబారిపోవడం, ఇంట్లో కొట్టడం లేదా లైంగిక వేధింపు జరుగుతోందన్న అనుమానం, పెద్దలెవరూ లేకుండా మిగిలిన పిల్లలు. ఇవి ఎవరైనా చెబుతారు. శిక్షణల్లో తరచూ వదిలేసేది, వరదల్లో మాత్రం తప్పక ఎదురయ్యేది మరొకటి ఉంది. అది మద్యం హఠాత్తుగా ఆగిపోవడం.

రోజూ ఎక్కువగా తాగే మనిషి మేడ మీద చిక్కుకుపోయాడనుకోండి. చుక్క దొరకదు. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు తానెక్కడున్నాడో తెలియక, గోడల మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో పిలుస్తున్నారని మాట్లాడవచ్చు. ఇంటివాళ్లు ‘వరద చూసి మతి చలించింది’ అనుకుంటారు. వలంటీర్ కూడా అలాగే అనుకుని ఓదార్చడానికి కూర్చుంటే ప్రాణమే పోవచ్చు. ఇది ఓదార్పుకు లొంగేది కాదు. ఆస్పత్రిలో చేర్చి వైద్యం చేయాల్సిన అత్యవసర స్థితి. గుర్తు ఒక్కటే పట్టుకోవాలి: నిన్నటిదాకా బాగున్న మనిషికి ఇప్పుడు సమయం, చోటు తెలియడం లేదంటే, కారణం ఏదైనా, మాటలు ఆపి 108కి ఫోన్ చేయాలి. జ్వరం వల్లనో, షుగర్ పడిపోయో కూడా అలా అవుతుంది. ఏ కారణమో తేల్చడం వలంటీర్ పని కాదు.

మందులు ఇవ్వకూడదన్నది మరో గీత. ‘నిద్ర పట్టడం లేదమ్మా, ఓ బిళ్ల ఇవ్వు’ అని అడుగుతారు. మీ పర్సులో మీరు వేసుకునే నిద్రమాత్ర ఉన్నా ఇవ్వకూడదు. విపత్తు చూసినవాళ్లకు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు ఆ బాధ తగ్గించడం కోసమని ఈ రకం మాత్రలు వాడొద్దని వైద్యులకే మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఒక సన్నివేశం, మొదటి నుంచి

శిక్షణలో కనీసం గంటసేపు ఒకే సన్నివేశాన్ని నటించి చూడాలి. ఇది కల్పితమే, అయితే వరద వీధుల్లో ఎక్కడైనా కనిపించేదే. నలభై అయిదేళ్ల ఆటో డ్రైవరు. నీళ్లు పోయి నాలుగో రోజు. ఆటో ఇంజన్ నిండా బురద. ఇద్దరు వలంటీర్లు వెళ్లారు. ఒక్కరే ఎప్పుడూ వెళ్లకూడదు, ఇద్దరిలో ఒకరు మహిళ అయితే మంచిది.

“అన్నయ్యా, మేం ఫలానా సంఘం తరఫున వచ్చాం. మీతో కాసేపు కూర్చోవచ్చా?”

“కూర్చోడానికి కుర్చీ కూడా లేదమ్మా.”

“ఈ గట్టు చాల్లెండి.”

ఆయన కాసేపు ఏమీ మాట్లాడడు. వలంటీర్ కూడా మాట్లాడదు. తర్వాత ఆయనే మొదలెడతాడు. పదో తారీఖున ఆటో వాయిదా కట్టాలి. ఇల్లు కడిగించుకోవాలి. సర్వేవాళ్లు వచ్చినప్పుడు తను లేడు, పేరు రాశారో లేదో తెలియదు. చివర్లో నేలకేసి చూస్తూ, “నేను లేకపోతే వీళ్లకి ఇన్సూరెన్సు డబ్బులన్నా వస్తాయి” అంటాడు.

ఇక్కడ నటిస్తున్న వలంటీర్లలో సగం మంది ఒకే మాట అంటారు: “ఛ, అలాంటి మాటలు అనకండి. పిల్లల మొహం చూడండి.” ఆ మాటతో తలుపు మూసుకుంటుంది. ఆయన “అబ్బే, ఊరికే అన్నానమ్మా” అని లేచిపోతాడు. శిక్షకుడు అక్కడ ఆపి మళ్లీ ఆడించాలి. ఈసారి సూటిగా అడగాలి:

“అన్నయ్యా, చచ్చిపోవాలనిపిస్తోందా?”

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని భయపడతారు. అలా జరగదని ఇంతకాలం జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఎవరో ఒకరు అడిగినందుకు చాలామందికి ఊపిరి ఆడుతుంది. ఆయన తల ఊపాడనుకోండి. తర్వాత రెండే ప్రశ్నలు: ఎలా అని కూడా ఆలోచించారా? ఇవాళో రేపో చేయాలనుందా? అంతకు మించి లోతుకు వెళ్లకూడదు. ప్రమాదం ఎంతో కొలవడం వలంటీర్ పని కాదు. ఏ ఒక్క ప్రశ్నకు అవునన్నా తర్వాతి అడుగు ఒకటే, ఆయన్ను ఒంటరిగా వదలకూడదు.

అప్పుడు చెప్పాల్సిన మాట కూడా ముందే కంఠతా ఉండాలి. “మీరు చెప్పినవి నేను ఎవరికీ చెప్పను. ఈ ఒక్కటి మాత్రం నాలోనే దాచుకోలేను. మీకు సాయం చేయగలిగిన వాళ్లకి చెప్పాలి. మీ ముందే మాట్లాడతాను.” ‘ఎవరికీ చెప్పనని ఒట్టు’ అని ముందే వేసిన వలంటీర్ ఇక్కడ ఇరుక్కుపోతాడు. అందుకే ఆ ఒట్టు ఎప్పుడూ వేయకూడదు. ఇద్దరిలో ఒకరు ఆయన దగ్గరే కూర్చోవాలి. రెండోవారు సమన్వయకర్తకు ఫోన్ చేసి, ఇంట్లో ఆయన నమ్మే మనిషిని, భార్యో బావమరిదో, పిలవాలి. ఇంట్లో పురుగుమందు, ఎక్కువ మాత్రలు లాంటివి ఉంటే వాళ్ల చేత తీయించాలి. ఆ తర్వాత టెలి మానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చి వచ్చేయడం కాదు, అక్కడే కలిపి, “పక్కన ఉన్నాను, మాట్లాడండి” అని ఫోన్ ఆయన చేతికి ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలెట్టిన ఈ ఉచిత సేవ రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇవాళే ఏదో చేసుకునేలా ఉంటే ఫోనుతో సరిపెట్టకుండా, ఇంటి మనిషితో కలిసి ప్రభుత్వ ఆస్పత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. పోలీసు కేసవుతుందన్న భయం కొందరిని ఆపుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. ఆ సంగతి ఇంటివాళ్లకు చెప్పాలి.

ఇక్కడితో సన్నివేశం ఆపేస్తే మాత్రం సగమే చేసినట్టు. ఆయన్ను అక్కడిదాకా తెచ్చింది పదో తారీఖు. కాబట్టి ఆ రోజే మరో వలంటీర్ ఆటో పని పట్టాలి. బీమా సమగ్రమైనదా, థర్డ్ పార్టీ మాత్రమేనా చూడాలి. థర్డ్ పార్టీ అయితే వరద నష్టం రాదు, లేని ఆశ పెట్టకూడదు. సమగ్ర పాలసీ ఉంటే బీమా వాళ్లకు చెప్పేదాకా ఇంజన్ స్టార్ట్ చేసి చూడొద్దని చెప్పాలి. నీళ్లు పోయిన ఇంజన్‌ను తిప్పితే అది పూర్తిగా పాడవుతుంది, ఆ నష్టం ఇవ్వమనే అవకాశమూ ఉంటుంది. ఫైనాన్స్ వాళ్లకు గడువు అడుగుతూ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టించాలి. ఒప్పుకుంటారని మాట ఇవ్వకూడదు. వార్డు సచివాలయానికి వెళ్లి సర్వే జాబితాలో పేరు ఉందో లేదో చూసి రావాలి. ఇందులో ఏదీ మానసిక శాస్త్రంలా కనిపించదు. అయితే వరద తర్వాత వచ్చే దిగులులో పెద్ద భాగం ఇలాంటి పనుల రూపంలోనే ఉంటుంది. మర్నాడు అదే ఇద్దరిలో ఒకరు, లేదా సమన్వయకర్త, మళ్లీ వెళ్లాలి. ఫోన్ ఎవరెత్తారు, ఏం చెప్పారు, డాక్టరును కలిశారా అని కనుక్కోవాలి.

ముందు కాగితం, తర్వాత శిక్షణ

అందుకే నాదొక మొండి వాదన. కలిపే చోట్ల జాబితా చేతిలో లేకుండా శిక్షణ మొదలెట్టకూడదు. ఒక్క పేజీ చాలు. దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రం, ప్రభుత్వ ఆస్పత్రి మానసిక వైద్య విభాగం ఓపీ రోజులు, వేళలు, 14416, 108, పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, సచివాలయంలో మాట్లాడాల్సిన మనిషి, పోయిన సర్టిఫికెట్ల నకళ్లకు ఎక్కడ దరఖాస్తు చేయాలి. శిక్షణ రోజు పొద్దున ప్రతి నంబరుకూ ఒకసారి ఫోన్ చేసి చూడాలి. ఎత్తని నంబరు కొట్టేయాలి. ఎవరూ లేని చోటికి పంపడం కంటే పంపకపోవడమే నయం. ఒకసారి తిరిగొచ్చిన మనిషి రెండోసారి ఎవరినీ నమ్మడు.

‘కడుపు కాలుతుంటే ఈ మాటలేంటి’ అని విసుక్కునేవాళ్లు ఉన్నారు. వాళ్లది న్యాయమే. ఆకలితో, తడి బట్టలతో ఉన్న మనిషి దగ్గర భావాల గురించి మాట్లాడటం తప్పు. అందుకే పైన చెప్పిన క్రమంలో అన్నం, మందులు, ఆచూకీ తెలియని అయినవాళ్ల కబురు ముందుంటాయి. ఆ పనులు చేస్తూనే మాట.

వలంటీర్ నోట్‌బుక్‌లో ఏం రాయాలన్నదీ నేర్పాలి. ఆ ఇంటి కథ రాయకూడదు. ఏం అవసరం, ఎవరికి చెప్పాం, మళ్లీ ఎప్పుడు చూడాలి, ఇంతే. ఆ పుస్తకం రోజూ సాయంత్రం సమన్వయకర్త దగ్గరకు వెళ్లాలి. ఆ సమన్వయకర్తకు ఒక మానసిక వైద్యుడో, క్లినికల్ సైకాలజిస్టో ఫోన్‌లో అందుబాటులో ఉండాలి. వలంటీర్లలో తమ ఇల్లూ మునిగినవాళ్లు ఉంటారు. వాళ్లు రామంటే రావద్దు, వస్తామంటే అన్నం పంపిణీ దగ్గర మొదలెట్టించాలి. రోజుకు నాలుగైదు ఇళ్లు చాలు.

మీ అమ్మాయి కాలేజీ నుంచో, మీ అపార్ట్‌మెంట్ నుంచో ఇలాంటి పిలుపు వస్తే, పంపేముందు నిర్వాహకులను అడగండి. ఆ ఒక్క పేజీ ఉందా? సాయంత్రం ఎవరికి చెప్పుకోవాలి? మళ్లీ రెండోసారి అదే ఇంటికి ఎప్పుడు వెళ్తారు? సర్టిఫికెట్ మీద ‘కౌన్సెలర్’ అని ఉంటుందా, ‘వలంటీర్’ అని ఉంటుందా? జవాబులు లేకపోతే ఆ రోజుకి ఆమెను ఇల్లు కడిగే బృందంలో చేర్చమనండి. అక్కడ ఎప్పుడూ మనుషులు తక్కువే.